శేషం సున్నా వచ్చినప్పుడు: పెద్ద ఘాతాల్లో ఒకట్ల అంకె

చదరంగం కనిపెట్టినవాడు రాజుగారిని కోరిన కోరిక కథ అందరం విన్నదే. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, అలా గడిగడికీ రెట్టింపు చేస్తూ 64 గళ్లూ నింపమన్నాడు. లెక్క కడితే మొత్తం గింజలు 2⁶⁴ − 1. ఈ సంఖ్య చివర, అంటే ఒకట్ల స్థానంలో, ఏ అంకె ఉంటుందో గుణించకుండా చెప్పాలి.

పోటీ పరీక్షలకు చదివేవాళ్లకు దీనికి దారి తెలుసు. 2 ఘాతాల చివరి అంకెలు 2, 4, 8, 6 అని నాలుగేసి చొప్పున తిరుగుతాయి. కాబట్టి 64ని 4తో భాగించి శేషం చూడాలి. శేషం 0 వచ్చింది. సరే, 2⁰ అంటే 1 కదా, అందులోంచి 1 తీసేస్తే 0. జవాబు 0 అని రాసేసి పక్క లెక్కకు వెళ్లిపోతారు.

అసలు సంఖ్య ఇదీ: 1,84,46,74,40,73,70,95,51,615. చివర ఉన్నది 5.

పద్ధతి తప్పు కాదు, భాగహారమూ తప్పు కాదు. శేషం 0 అన్నదాన్ని ఘాతాంకం 0 అని చదవడం దగ్గర కాలు జారింది. ఒకట్ల అంకె లెక్కల్లో జరిగే పొరపాట్లలో ఎక్కువ భాగం ఇదో, దీని చుట్టమో అయి ఉంటుంది. "శేషం సున్నా వస్తే నాలుగు అనుకో" అని ఒక్క ముక్కలో చెప్పి వదిలేస్తే పరీక్ష వరకు గట్టెక్కొచ్చు. కానీ ఎందుకలా అనుకోవాలో తెలియకపోతే, లెక్క కాస్త రూపం మార్చుకున్నప్పుడు ఆ ముక్క పనికిరాదు.

చివరి అంకెకు చివరి అంకె చాలు

ముందు చక్రం ఎందుకు పుడుతుందో చూద్దాం. 343ని 7తో గుణించేటప్పుడు చేత్తో ఎలా చేస్తాం? ఏడు మూళ్లు ఇరవై ఒకటి. 1 కింద వేసి, 2 చేతిలో పెట్టుకుంటాం. ఆ 1 వేశాక ఇక దాన్ని ఎవరూ కదపరు. 343లోని 4, 3 ఏమైనా సరే, వాటి ప్రభావం పదుల స్థానం నుంచి ఎడమకే గానీ కుడికి రాదు. 343 బదులు 9,87,65,43,213 ఉన్నా, 7తో గుణిస్తే చివర 1 రావాల్సిందే.

అందుకే 2027²⁰²⁶ లాంటి సంఖ్యలో భూమి అయిన 2027 మొత్తం మనకు అక్కర్లేదు, దాని చివరి 7 చాలు. చివరి అంకెలు పదే ఉన్నాయి, 0 నుంచి 9 వరకు. ప్రతి మెట్టులో వచ్చే అంకె, అంతకుముందు అంకె మీద మాత్రమే ఆధారపడుతుంది. అలాంటప్పుడు ఎప్పుడో ఒకప్పుడు వచ్చిన అంకే మళ్లీ రాక తప్పదు. వచ్చిందంటే అక్కడి నుంచి పాత దారే.

ఒక్కో అంకెకూ గుణించి చూస్తే వచ్చే చక్రాలు ఇవి:

2: 2, 4, 8, 6
3: 3, 9, 7, 1
7: 7, 9, 3, 1
8: 8, 4, 2, 6
4: 4, 6
9: 9, 1
0, 1, 5, 6: ఎప్పుడూ అదే అంకె

చక్రాల పొడవులు 4, 2, 1. పుస్తకాల్లో దేనికెంత పొడవో వేరువేరుగా బట్టీ పట్టమంటారు గానీ అంత శ్రమ అనవసరం. 1, 2 రెండూ 4ని నిశ్శేషంగా భాగిస్తాయి కాబట్టి, ప్రతి అంకెకూ నాలుగు మెట్లకొకసారి కథ మొదటికొస్తుంది. 4కి చక్రం 4, 6, 4, 6 అనీ, 5కి 5, 5, 5, 5 అనీ అనుకుంటే సరిపోతుంది. అన్నిటికీ ఒకే భాజకం, 4.

ఇక 2027²⁰²⁶ తేల్చేద్దాం. 2026ని 4తో భాగిస్తే శేషం 2. ఏడు చక్రంలో రెండోది 9. అదే జవాబు.

సరి అంకెల మధ్య 1 చేసే పని 6ది

పై చక్రాల్లో ప్రతి నాలుగో స్థానాన్నీ చూడండి. 3, 7, 9లకు నాలుగో ఘాతం 81, 2401, 6561. అన్నీ 1తో ముగుస్తాయి. 2, 4, 6, 8లకు నాలుగో ఘాతం 16, 256, 1296, 4096. అన్నీ 6తో ముగుస్తాయి. 5కి 625, 0కి 0. అంటే 5తో ముగియని ఏ బేసి సంఖ్య నాలుగో ఘాతమైనా 1తో, 0తో ముగియని ఏ సరి సంఖ్య నాలుగో ఘాతమైనా 6తో ముగుస్తుంది.

ఇప్పుడు 2⁶⁴ని నాలుగేసి రెళ్ల కట్టలుగా కట్టండి. 64 రెళ్లకు సరిగ్గా 16 కట్టలు వస్తాయి, మిగులు లేదు. ఒక్కో కట్ట విలువ 16, చివర 6. 6ని 6తో ఎన్నిసార్లు గుణించినా చివర 6 మారదు. కాబట్టి 2⁶⁴ చివర 6. అందులోంచి 1 తీస్తే 5. చదరంగం లెక్క కుదిరింది.

శేషం అంటే ఏమిటో ఇక్కడ తెలుస్తుంది. కట్టలు కట్టాక బయట మిగిలిపోయిన రెళ్ల లెక్క అది. శేషం 0 అంటే బయట ఏమీ మిగల్లేదని మాత్రమే అర్థం. కట్టలు మాయమైపోలేదు, అవి అక్కడే ఉన్నాయి, వాటి చివర 6 ఉంది. 2⁰ = 1 అని రాసినవాళ్లు మిగులును లెక్కపెట్టి కట్టల్ని పారేశారన్నమాట.

మరి శేషం 1, 2, 3 వచ్చినప్పుడు కూడా కట్టల్ని పారేస్తున్నాం కదా, అప్పుడెందుకు తప్పు రావడం లేదు? ఇక్కడే అసలు కిటుకు ఉంది. 6ని సరి అంకెలతో గుణించి చూడండి. ఆరు రెళ్లు పన్నెండు, ఆరు నాలుగులు ఇరవై నాలుగు, ఆరార్లు ముప్పై ఆరు, ఆరు ఎనిమిదులు నలభై ఎనిమిది. చివరి అంకెలు 2, 4, 6, 8. ఏ సరి అంకెను గుణించినా 6 దాన్ని కదపలేదు. మామూలు గుణకారంలో 1 ఎలా ఏమీ మార్చకుండా ఊరుకుంటుందో, సరి అంకెల మధ్య 6 అలా ఊరుకుంటుంది. అందుకే శేషం 1, 2, 3 అయినప్పుడు కట్టల నుంచి వచ్చే 6ను మరిచిపోయినా మిగులులోని 2, 4, 8 చెక్కుచెదరవు. మిగులే లేనప్పుడు మాత్రం ఆ 6 ఒక్కటే నిలుస్తుంది. దాన్ని 1 అనడానికి వీల్లేదు. రెండుని ఎన్నిసార్లు గుణించినా బేసి సంఖ్య రాదన్న సంగతి ఒక్కటి గుర్తుకొస్తే చాలు, జవాబుగా 1 రాయబోయే చెయ్యి ఆగుతుంది.

3, 7, 9 లెక్కల్లో ఈ తప్పు ఎందుకు బయటపడదో కూడా ఇప్పుడు స్పష్టమే. వాటి కట్టల చివర ఉన్నది నిజంగానే 1. కాబట్టి 7⁴⁰కి 7⁰ అనుకుని 1 రాసినా జవాబు ఒప్పే అవుతుంది. తప్పు పద్ధతి సగం లెక్కల్లో ఒప్పు జవాబే ఇస్తుంటే అది అలవాటుగా పాతుకుపోతుంది. తర్వాత ఎప్పుడో 8¹⁰⁰ దగ్గర దెబ్బ తీస్తుంది. 0తో ముగిసేవి, 5తో ముగిసేవి వస్తే ఇంకా విడ్డూరం. 15²⁰కి ఈ తీరున 1 అని రాసేవాళ్లుంటారు, 5ను ఎన్నిసార్లు హెచ్చించినా చివర 5 తప్ప మరొకటి రాదని తెలిసి కూడా.

6కు ఈ గుణం ఎక్కడినుంచి వచ్చింది? పది అంటే రెండైదులు. ఒక సంఖ్య సరి సంఖ్యా బేసి సంఖ్యా, 5తో భాగిస్తే శేషమెంత అన్న రెండు సంగతులు తెలిస్తే దాని చివరి అంకె తెలిసిపోతుంది. సరి సంఖ్య, శేషం 3 అన్నారనుకోండి, చివర 8 తప్ప మరొకటి కుదరదు. 2 ఘాతాలను 5తో భాగిస్తూ పోతే శేషాలు 2, 4, 3, 1. నాలుగో మెట్టులో శేషం 1 వస్తుంది, ఆ పైన మళ్లీ 2. శేషం 1 ఉండే అంకెలు రెండే, 1, 6. వాటిలో సరి అంకె 6. కాబట్టి 5 దృష్టిలో 6కూ 1కీ తేడా లేదు, తేడా అంతా సరి, బేసిలలో ఉంది. 2⁰ మాత్రం బేసి. అది చక్రంలో భాగం కాదు, చక్రంలోకి అడుగుపెట్టే ముందున్న గడప. ఒకసారి దాటాక మళ్లీ వెనక్కి వచ్చేది లేదు.

5తో భాగించినప్పుడు నాలుగు మెట్లకు మించి చక్రం ఎందుకు సాగదంటే, సున్నా కాని శేషాలు నాలుగే ఉన్నాయి. ఫ్రెంచి గణితజ్ఞుడు ఫెర్మా 1640లో ఒక ఉత్తరంలో చెప్పిన సూత్రం దీన్నే అన్ని ప్రధాన సంఖ్యలకూ వర్తింపజేస్తుంది: p ప్రధాన సంఖ్య అయి, భూమిని అది భాగించకపోతే, భూమి (p − 1)వ ఘాతాన్ని p తో భాగిస్తే శేషం 1. మనకు p = 5, అందుకే 4.

పైనున్న అంకెను 10తో కాదు, 4తో చూడాలి

భూమిలో చివరి అంకె ఒక్కటే చాలు అన్నాం. ఆ ఊపులో చాలామంది ఘాతాంకానికి కూడా చివరి అంకే తీసుకుంటారు. 7¹³ అంటే 13లో చివర 3, కాబట్టి 7³ = 343, జవాబు 3 అంటారు. నిజంగా 7¹³ = 96,88,90,10,407. చివర 7. ఘాతాంకంలో తిరిగే చక్రం 4ది, 10ది కాదు. 13ని 4తో భాగిస్తే శేషం 1, అందుకే 7 వచ్చింది. ఇక్కడా యాదృచ్ఛికం మోసం చేస్తుంది. 7²³ తీసుకుంటే తప్పు దారిలోనూ 3, ఒప్పు దారిలోనూ 3.

ఘాతాంకం ఎంత పెద్దదైనా దాని చివరి రెండు అంకెలు చూస్తే చాలు, ఎందుకంటే 100ని 4 నిశ్శేషంగా భాగిస్తుంది. ఆ రెండంకెలకు కూడా భాగహారం అక్కర్లేదు. పదుల అంకె సరి అయితే ఒకట్ల అంకె ఒక్కటే 4తో భాగించండి. పదుల అంకె బేసి అయితే ఒకట్ల అంకెకు 2 కలిపి భాగించండి. 20ని 4 భాగిస్తుంది, 10ని భాగిస్తే 2 మిగులుతుంది, అంతే కారణం. 54 ఉంటే 5 బేసి, 4 + 2 = 6, శేషం 2. 

దీన్ని నిజంగా పెద్ద సంఖ్య మీద వాడదాం. 2024 అక్టోబరులో గింప్స్ అనే స్వచ్ఛంద గణన ప్రాజెక్టు అప్పటికి తెలిసినవాటిలో అతి పెద్ద ప్రధాన సంఖ్యను ప్రకటించింది. దాన్ని పట్టుకున్నది ల్యూక్ డ్యూరంట్. ఆ సంఖ్య 2^136279841 − 1. రాస్తే 4,10,24,320 అంకెలు. చివరి అంకె కోసం మనకు కావలసింది ఘాతాంకం చివర ఉన్న 41. పదుల అంకె 4 సరి, ఒకట్ల అంకె 1, శేషం 1. రెండు చక్రంలో మొదటిది 2. అందులోంచి 1 తీస్తే 1. నాలుగు కోట్ల పైచిలుకు అంకెలున్న సంఖ్య చివర ఉన్నది 1.

ఇలాంటి 2ᵖ − 1 రూపంలోని ప్రధాన సంఖ్యలతో ఒక ముచ్చట ఉంది. 2ᵖ − 1 ప్రధాన సంఖ్య అయినప్పుడు దాన్ని 2ᵖ⁻¹తో గుణిస్తే పరిపూర్ణ సంఖ్య, అంటే తనకన్నా చిన్న భాజకాలన్నీ కూడితే తనే వచ్చే సంఖ్య, వస్తుందని యూక్లిడ్ కాలం నుంచి తెలుసు. 6, 28, 496, 8128 అలా వచ్చినవే. చివరి అంకెలు చూడండి, 6 లేదా 8. p బేసి ప్రధాన సంఖ్య కాబట్టి 4తో భాగిస్తే శేషం 1 లేదా 3. శేషం 1 అయితే p − 1కి శేషం 0, అంటే 2ᵖ⁻¹ చివర 6, 2ᵖ − 1 చివర 1, లబ్ధం చివర 6. శేషం 3 అయితే 4, 7 వస్తాయి, నాలుగేళ్లు ఇరవై ఎనిమిది, చివర 8. p = 2కి వచ్చేది 6. శేషం 0కి 1 అని రాసే అలవాటున్నవాళ్లకు ఇక్కడ మొదటి రకం పరిపూర్ణ సంఖ్యలన్నీ 1తో ముగిసి కనిపిస్తాయి. 496ను చూస్తూ ఆ మాట అనలేరు.

ఘాతం మీద ఘాతం

ఇప్పుడు 7^(7^7) చూద్దాం. ఏడు మీద ఏడు, దాని మీద ఇంకో ఏడు. దీన్ని పైనుంచి కిందికి చదవాలి. ముందు పైనున్న 7⁷ కట్టాలి, అది 8,23,543. కింద ఉన్న ఏడును అన్నిసార్లు హెచ్చించాలి. వచ్చే సంఖ్యలో దాదాపు 6 లక్షల 96 వేల అంకెలుంటాయి. చివరి అంకెకు మాత్రం 43 చాలు. 4తో భాగిస్తే శేషం 3, ఏడు చక్రంలో మూడోది 3. జవాబు 3.

కింది నుంచి పైకి చదివితే (7⁷)⁷ అవుతుంది, అది 7⁴⁹ మాత్రమే. 49కి శేషం 1, చివర 7. రెండూ వేరు సంఖ్యలు, జవాబులూ వేరు. చదవడంలో వచ్చే ఈ తేడా మనుషులకే పరిమితం కాదు. ఎక్సెల్‌లో `=2^3^4` అని కొడితే అది ఎడమ నుంచి చేసుకుంటూ వచ్చి 4096 ఇస్తుంది. పైథాన్‌లో `2**3**4` అని కొడితే 2⁸¹ కడుతుంది, దాని చివర 2. కాబట్టి బ్రాకెట్లు వేసుకోవడమే మంచిది.

7⁷ విలువ తెలియకపోయినా పని ఆగదు. మనకు కావలసింది 7⁷ని 4తో భాగిస్తే శేషం ఎంత అన్నదే. 7కి శేషం 3. 49కి శేషం 1. 343కి మళ్లీ 3. బేసి ఘాతమైతే 3, సరి ఘాతమైతే 1. 7⁷లో పైనున్నది బేసి, కాబట్టి 3. ఇంకో ఏడు పైన పెట్టి నాలుగంతస్తులు చేసినా ఘాతాంకం బేసిగానే ఉంటుంది, శేషం 3గానే ఉంటుంది, చివరి అంకె 3 మారదు. ఎన్ని అంతస్తులు కట్టినా అంతే.

గమనించాల్సింది ఏమిటంటే, కింది అంతస్తులో 10తో భాగించిన శేషం చూస్తాం, పై అంతస్తులో 4తో భాగించిన శేషం చూస్తాం. ఈ రెంటినీ కలిపేస్తే వచ్చే తప్పుకు 2^(6^5) మంచి ఉదాహరణ. "6 ఘాతాలు ఎప్పుడూ 6తోనే ముగుస్తాయి కాబట్టి పైన 6 పెట్టుకుందాం, 2⁶ = 64, జవాబు 4" అంటారు. వినడానికి బాగుంది, కానీ తప్పు. 6⁵ అంటే 7776. దాని చివర 6 ఉన్న మాట నిజమే గానీ 4తో భాగిస్తే శేషం 2 కాదు, 0. 6లో ఒక్క రెండే ఉంది, 6²లోనే రెండు రెళ్లు చేరి 4 భాగించేస్తుంది. కాబట్టి శేషం 0, మళ్లీ మన పాత మిత్రుడే, జవాబు 6.

2^(2^n) + 1 రూపంలో ఉండేవాటిని ఫెర్మా సంఖ్యలంటారు. n = 2 నుంచి చూస్తే 17, 257, 65537, ఆపైన 4,29,49,67,297. అన్నీ 7తోనే ముగుస్తాయి. n కనీసం 2 అయితే 2ⁿని 4 భాగిస్తుంది, శేషం 0, చివర 6, ఒకటి కలిపితే 7. ఇవన్నీ ప్రధాన సంఖ్యలే అయ్యుంటాయని ఫెర్మా ఊహించాడు. 4,29,49,67,297ను 641 భాగిస్తుందని ఆయిలర్ తర్వాత చూపించాడు. చివరి అంకెలో ఆ సంగతి పట్టుకునే ఆధారం ఏమీ లేదు, 7తో ముగిసినంత మాత్రాన ఎటూ చెప్పలేం.

తీసివేత, భాగహారం, యంత్రం

కూడికలనూ గుణకారాలనూ చివరి అంకెలతోనే నడిపించవచ్చు. తీసివేతలో ఒక చిన్న మలుపుంది. 7⁹⁵ − 3⁵⁸ తీసుకోండి. 95కి శేషం 3, చివర 3. 58కి శేషం 2, చివర 9. మూడులోంచి తొమ్మిది పోదు, పదుల దగ్గర అప్పు తెచ్చుకుంటాం, 13లోంచి 9 పోతే 4. చేత్తో చేసే తీసివేతే ఇది. వరస తిరగేసి 3⁵⁸ − 7⁹⁵ అని ఇస్తే మాత్రం 9 − 3 = 6 అని రాయకూడదు. అది రుణ సంఖ్య, దాని గుర్తు తీసేస్తే పాత సంఖ్యే, చివర 4. చిన్న లెక్కతో సరిచూడండి: 343 − 9 = 334, 9 − 343 = −334. ఏ సంఖ్య పెద్దదో ముందే చూసుకోవాలి.

భాగహారం జోలికి ఈ పద్ధతితో వెళ్లకండి. 2¹⁰ = 1024ని 4తో భాగిస్తే 256. చివరి అంకెల్ని భాగిస్తే 4లో 4, జవాబు 1 వస్తుంది, అది తప్పు. భాగహారం ఎడమ నుంచి కుడికి నడుస్తుంది, పై స్థానాల్లో మిగిలింది కిందికి దిగుతూ వస్తుంది. గుణకారంలో ఉన్న ఏకదారి ఇక్కడ లేదు. ముందుగా ఘాతాంకాలు తీసివేసి 2⁸గా మార్చుకుని అప్పుడు చక్రం వాడాలి.

యంత్రంతో సరిచూసుకోవాలనుకుంటే ఒక జాగ్రత్త. మామూలు కాలిక్యులేటరు 2⁶⁴కి 1.8446744 పక్కన 10 ఘాతం 19 అని చూపి ఊరుకుంటుంది. ఎక్సెల్ 15 అంకెల వరకే నిలుపుకుంటుంది, 18446744073709600000 అని చూపిస్తుంది. ఆ చివరి సున్నాలు సంఖ్యలోవి కావు, చోటు నింపడానికి పెట్టినవి. పైథాన్‌లో పూర్ణాంకాలుగా కడితే అన్ని అంకెలూ ఉంటాయి. దశాంశ బిందువు పెట్టామంటే మళ్లీ అదే చిక్కు.

```python
pow(2027, 2026, 10)   # 9
pow(2, 64, 10)        # 6
pow(7, 7**7, 10)      # 3
7**20 % 10            # 1
7.0**20 % 10          # 0.0
```

చివరి రెండు వరసలు చూడండి. 7²⁰ = 79792266297612001. దశాంశ రూపంలో దానికి 16 అంకెలకు పైన ఖచ్చితత్వం చాలక చివరి 1 రాలిపోయి 0 మిగిలింది. బేసి సంఖ్య ఘాతం 0తో ముగిసిందని యంత్రం చెప్తే నమ్మకూడదు. `pow`లో మూడో అంకె 10 ఇచ్చినప్పుడు అది మొత్తం సంఖ్యను కట్టదు, మెట్టుమెట్టుకూ 10తో శేషం తీసుకుంటూ వెళ్తుంది. మనం చేత్తో చేసేదీ అదే.

రెండంకెలు అడిగితే

చివరి ఒక్క అంకె కాక చివరి రెండు అంకెలు అడిగారనుకోండి. పద్ధతి అదే, 10 బదులు 100తో శేషం చూడాలి. 7కు పని తేలిక: 07, 49, 43, 01, మళ్లీ 07. నాలుగు మెట్లే.

2కు చక్రం పెద్దది. 02, 04, 08, 16, 32, 64, 28, 56 అంటూ సాగి 2²⁰ = 10,48,576 దగ్గర 76 వస్తుంది. చక్రం పొడవు 20. ఇప్పుడు 2²¹ చివరి రెండంకెలు చెప్పండి. 21ని 20తో భాగిస్తే శేషం 1, అంటే 2¹, 02 అనాలనిపిస్తుంది. శేషం సున్నా కూడా కాదు, కాబట్టి మనం నేర్చుకున్న జాగ్రత్త అడ్డు చెప్పదు. కానీ 2²¹ = 20,97,152. చివర 52.

కట్టలు కట్టి చూస్తే సంగతి తెలుస్తుంది. ఇరవై రెళ్ల కట్ట చివర 76. దాన్ని 2తో గుణిస్తే 152, చివర 52. 4తో గుణిస్తే 304, చివర 04. 8తో గుణిస్తే 608, చివర 08. 4తో భాగించగల సంఖ్యల్ని మాత్రమే 76 కదపకుండా వదిలేస్తుంది. రెండు అంకెల లోకంలో 76 చేసే పని, ఒక అంకె లోకంలో 6 చేసిందే, కాకపోతే గడప ఒక మెట్టు లోపలికి జరిగింది. 2²నుంచి పైనున్న ఘాతాలన్నిటినీ 4 భాగిస్తుంది, 02ను భాగించదు. అందుకే 2¹లో ఒకసారి కనిపించిన 02, 2 ఘాతాల్లో ఇంకెక్కడా చివర రాదు. చక్రం 04 దగ్గర మొదలై, 52తో ముగిసి, 2²² = 41,94,304తో మళ్లీ 04 దగ్గరికి వస్తుంది. ఇరవైతో భాగించి శేషం 0 వస్తే 76, శేషం 1 వస్తే 52 అని రాసుకోండి. మిగతావాటికి మామూలు ఘాతాలే.